రెండు రేకుల వాల్వ్, 41 మిల్లీమీటర్లు

(ఒక ఆదివారం ఉదయం గ్రంథాలయం హాలులో హృద్రోగ వైద్యురాలు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. నిర్వాహకులు నన్ను "యువతలో గుండె జబ్బులు" మీద మాట్లాడమన్నారు. అది గంటలో అయ్యే పని కాదు. అందుకని ఒక్క కుర్రాడి ఫైలు పట్టుకొచ్చాను. ఆ అబ్బాయిని అడిగే తెచ్చాను. పేరు చెప్పను, గుర్తుపట్టే వివరాలు కూడా మార్చాను. ఈ ఫైలులో ఉన్నది గుండెపోటు కాదు, బ్లాకు కాదు. పుట్టుకతో వచ్చి, ఇరవై ఆరేళ్లు ఎవరికీ తెలియకుండా ఉండిపోయిన ఒక చిన్న తేడా.

అబ్బాయికి అప్పుడు 26 ఏళ్లు. క్రికెట్ ఆడుతూ మోకాలు మెలికపడి లిగమెంటు తెగింది. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. ముందురోజు మత్తు డాక్టరు వచ్చి రొటీన్‌గా ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టారు. పెట్టి, తీసి, మళ్లీ పెట్టారు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మొదటి శబ్దం వెనకాలే చిన్న "టిక్" వినిపిస్తోంది. దాని వెంట మెత్తగా ఒక హోరు. "బాబూ, నీ గుండెలో ఏదో శబ్దం ఉందని ఎప్పుడైనా ఎవరైనా చెప్పారా?" అని అడిగారు. ఎవరూ చెప్పలేదు. వాళ్లమ్మ అయితే "మా వాడు రోజూ జిమ్‌కి వెళ్తాడండీ, వాడికి గుండెలో ఏముంటుంది" అన్నారట. ఆపరేషన్ నాలుగు రోజులు వాయిదా వేసి ఎకో తీయించారు. ఆ ఎకో రిపోర్టుతో నా దగ్గరకి వచ్చారు.

రిపోర్టులో పెద్ద అక్షరాలతో "బైకస్పిడ్ అయోర్టిక్ వాల్వ్" అని ఉంది. ఇంటిల్లిపాదీ ఆ మూడు మాటల్నే గూగుల్‌లో వెతికి, రాత్రంతా నిద్ర లేకుండా వచ్చారు. కింద కొలతల పట్టికలో మామూలు అక్షరాలతో ఇంకో ముక్క ఉంది: అసెండింగ్ అయోర్టా 41 మిల్లీమీటర్లు. దాన్ని ఎవరూ చూడలేదు. నాకు మొదట కంటబడింది అదే.

ఈ రెండు ముక్కలకీ సంబంధం ఏమిటో చెప్తాను. గుండె ఎడమ గది నుంచి ఒళ్లంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద గొట్టమే అయోర్టా. బడి పుస్తకాల్లో బృహద్ధమని అని చదువుకున్నాం. ఆ గొట్టం మొదట్లో ఒక తలుపు ఉంటుంది. రక్తం బయటికి పోతున్నప్పుడు తెరుచుకుంటుంది, వెనక్కి రాకుండా మూసుకుంటుంది. ఆ తలుపుకి మామూలుగా మూడు రేకులు. తల్లి కడుపులో మొదటి రెండు నెలల్లోనే ఇవి తయారవుతాయి. కొందరిలో పక్కపక్కన ఉండాల్సిన రెండు రేకులు విడిపోకుండా అతుక్కునే ఉండిపోతాయి. అప్పుడు మూడుకి బదులు రెండు రేకులతో ఆ తలుపు పని చేస్తుంది. తెరుచుకున్నప్పుడు చూస్తే చేప నోరు తెరిచినట్టు ఉంటుంది. ఇందాకటి "టిక్" అదే, బిగువుగా ఉన్న ఆ రేకులు తెరుచుకుంటూ ఠక్కున ఆగిపోయే శబ్దం.

ఇది అరుదైన సంగతి కాదు. నూటికి ఒకరి నుంచి ఇద్దరి దాకా ఇలా పుడతారు. గుండెకి పుట్టుకతో వచ్చే తేడాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఆడవాళ్లలో కంటే మగవాళ్లలో మూడు రెట్ల దాకా ఎక్కువ. ఈ హాలులో రెండు వందల మంది ఉన్నారనుకుంటే, లెక్క ప్రకారం ఇద్దరికో ముగ్గురికో ఇది ఉండవచ్చు. వాళ్లకి తెలిసి ఉండకపోవచ్చు.

ఎందుకు తెలియదంటే, ఆ తలుపు బాగానే పని చేస్తుంది కాబట్టి. రెండు రేకులైనా పూర్తిగా తెరుచుకుని, పూర్తిగా మూసుకుంటే గుండెకి కష్టమేమీ లేదు. రోజుకి లక్ష సార్లు అలా తెరుచుకుంటూ మూసుకుంటూ ముప్ఫై, నలభై ఏళ్లు సాఫీగా గడిచిపోతాయి. ఆ తర్వాతే చాలామందిలో రేకులు గట్టిపడి, సున్నం పేరుకుని దారి ఇరుకవడమో, సరిగా మూసుకోక రక్తం వెనక్కి కారడమో మొదలవుతుంది. ఆయాసం, కళ్లు తిరగడం అప్పుడు వస్తాయి. అప్పటిదాకా ఈసీజీ మామూలుగానే ఉంటుంది. ఎక్స్‌రేలో తెలియకపోవచ్చు. ట్రెడ్‌మిల్ పరీక్షలో కుర్రాళ్లు బ్రహ్మాండంగా పరుగెత్తుతారు. ఆఫీసు వాళ్లు చేయించే హెల్త్ చెకప్ ప్యాకేజీలో కొలెస్ట్రాల్ నుంచి విటమిన్ డి దాకా అన్నీ ఉంటాయి, ఎకో మాత్రం అన్నిట్లో ఉండదు.

అందుకే ఇది బయటపడేది ఇంకో పని మీద వెళ్లినప్పుడు. ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు విన్నప్పుడు, గర్భిణికి చేసే పరీక్షల్లో, ఉద్యోగం మెడికల్స్‌లో, తగ్గని జ్వరానికి కారణం వెతుకుతున్నప్పుడు, లేదా ఇంట్లో ఇంకొకరికి ఉందని తెలిసినప్పుడు. ఒక్కోసారి ఎకో తీసినా దొరకదు. అతుక్కున్న రెండు రేకుల మధ్య కుట్టు వేసినట్టు ఒక గీత మిగిలిపోతుంది. వాల్వ్ మూసుకుని ఉన్న బొమ్మలో ఆ గీత మూడో రేకు అంచులా కనిపించి, "మూడు రేకులే, నార్మల్" అనిపిస్తుంది. వాల్వ్ తెరుచుకున్న క్షణంలో చూస్తేనే చేప నోరు తెలుస్తుంది. పనుల తొందరలో ఆ క్షణం దాటిపోవడం నాకూ జరిగింది, ఒప్పుకుంటాను.

ఇప్పుడు 41 దగ్గరికి వద్దాం. వాల్వ్ దాటగానే పైకి లేచే అయోర్టా ముక్క వెడల్పు ఎదిగినవారిలో మామూలుగా 40 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. చిన్న ఆకారం ఉన్న ఆడవాళ్లలో ఇంకా తక్కువ. రెండు రేకుల వాల్వ్ ఉన్నవాళ్లలో దాదాపు సగంమందిలో ఈ ముక్క ఎంతో కొంత వెడల్పవుతుంది. రేకుల్లో తేడా ఉంటే గొట్టం ఎందుకు ఉబ్బాలి?

కృష్ణా కాలువ గట్టున పెరిగినవాళ్లకి ఇది చెప్పడం తేలిక. కాలువ మలుపు తిరిగేచోట నీళ్లు బయటి గట్టుని కొడతాయి. లోపలి గట్టున ఇసుక మేట వేస్తుంది, బయటి గట్టు ఏటేటా కోసుకుపోతుంది. మూడు రేకుల వాల్వ్ నుంచి రక్తం గొట్టం మధ్యలోంచి తిన్నగా వస్తుంది. రెండు రేకుల వాల్వ్ నుంచి పక్కకి ఒరిగి, సుడి తిరుగుతూ వచ్చి ఒకవైపు గోడకే తగులుతుంది. ఈ ప్రవాహాన్ని కొత్త ఎమ్మారై పద్ధతుల్లో రంగుల్లో చూడవచ్చు. ఆ దెబ్బ తగిలే వైపు గోడే ఎక్కువగా ఉబ్బుతుంది.

అయితే కథ అంతటితో అయిపోదు. కొందరిలో వాల్వ్ చక్కగా పని చేస్తున్నా అయోర్టా ఉబ్బుతుంది. పాడైన వాల్వ్‌ని మార్చేసి, ప్రవాహం తిన్నగా చేసిన తర్వాత కూడా కొందరిలో అది పెరుగుతూనే పోతుంది. అంటే గట్టు మట్టిలోనే ఏదో బలహీనత ఉంది. గోడ మధ్యపొరలో సాగే గుణాన్నిచ్చే దారాలు కొందరిలో పుట్టుకతోనే తక్కువ నాణ్యతవి. నీటిదెంత, మట్టిదెంత అన్నది మనిషిని బట్టి మారుతుంది.

ఈ ఉబ్బు నొప్పెట్టదు. దగ్గు రాదు, ఆయాసం రాదు. భయమల్లా ఒక్కటే. బాగా సాగిన గోడలో లోపలి పొర చిరిగి, రక్తం పొరల మధ్యకి దూసుకుపోవడం. దాన్ని డిసెక్షన్ అంటాం. అది జరిగితే గంట గంటకీ ప్రాణాపాయం పెరుగుతుంది.

ఇది చెప్పగానే ఆ అబ్బాయి తల్లి మొహం పాలిపోయింది. అందుకే వెంటనే ఒక లెక్క చెప్పాను, మీకూ చెప్తాను. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలో ఓమ్‌స్టెడ్ కౌంటీ అని ఉంది. అక్కడి జనంలో ఈ వాల్వ్ ఉన్న 416 మందిని సగటున 16 ఏళ్లపాటు గమనించి 2011లో ఫలితాలు ప్రచురించారు. డిసెక్షన్ వచ్చింది ఎంతమందికో తెలుసా? ఇద్దరికి. పదివేల మందిని ఒక ఏడాది గమనిస్తే ముగ్గురు అన్నమాట. మామూలు జనంతో పోలిస్తే ఎనిమిది రెట్లు. పేపర్లో "ఎనిమిది రెట్ల ప్రమాదం" అని వస్తే గుండె ఝల్లుమంటుంది. కానీ చాలా చిన్న సంఖ్యకి ఎనిమిది రెట్లు చిన్న సంఖ్యే. అదే పరిశోధనలో మొదటిరోజుకే అయోర్టా బాగా ఉబ్బి ఉన్నవాళ్లని విడిగా లెక్కగడితే, పదివేలకి దాదాపు నలభై ఐదు మంది. మూడు ఎక్కడ, నలభై ఐదు ఎక్కడ! ప్రమాదం "బైకస్పిడ్" అన్న మాటలో కంటే ఆ కొలతలోనే ఎక్కువ ఉంది. అందుకే కొలత చూడమంటున్నాను.

సరే, అబ్బాయికి మోకాలి ఆపరేషన్ అయిపోయింది, ఏ ఇబ్బందీ రాలేదు. ఏడాదిలోపు మళ్లీ ఎకోకి రమ్మన్నాను. మొదటిసారి వెడల్పు తెలిసినప్పుడు ఆరు నెలల నుంచి ఏడాది లోపల రెండో కొలత తీసుకోవాలి. ఒక్క కొలతతో ఎంత ఉందో తెలుస్తుంది, ఎంత వేగంగా పెరుగుతోందో తెలియదు. వేగం తెలియాలంటే రెండు చుక్కలు కావాలి.

ఆ రెండో చుక్క దగ్గరే గొడవ వచ్చింది. అబ్బాయి ఉద్యోగం కోసం వేరే ఊరు వెళ్లాడు. అక్కడ దగ్గు తగ్గకపోతే ఛాతీ సీటీ తీశారు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. రిపోర్టు చివర్లో "అసెండింగ్ అయోర్టా 46 మిల్లీమీటర్లు" అని ఉంది. పదకొండు నెలల్లో 41 నుంచి 46! అబ్బాయి అప్పటికి నెట్‌లో చదివి ఉన్నాడు, ఏడాదికి 3 మిల్లీమీటర్లు పెరిగితేనే వేగంగా పెరిగినట్టు అని. రాత్రి పదకొండింటికి ఫోను. "మేడమ్, నాకు 5 పెరిగింది. ఆపరేషన్‌కి ఎప్పుడు రావాలి?" టెన్షన్‌తో గొంతు వణుకుతోంది.

సీడీ తీసుకుని రమ్మన్నాను. రిపోర్టు కాదు, సీడీ. బొమ్మలు చూస్తే విషయం అర్థమైంది.

అరటికాయని అడ్డంగా కోస్తే గుండ్రటి చక్రాలు వస్తాయి. ఏటవాలుగా కోస్తే బజ్జీలకి కోసినట్టు పొడుగు ముక్కలు వస్తాయి. కాయ లావు మారలేదు, కత్తి వాలు మారింది. సీటీ యంత్రం మనిషిని అడ్డంగా ముక్కలు కోసినట్టు బొమ్మలు ఇస్తుంది. అయోర్టా మాత్రం నిట్టనిలువుగా ఉండదు, ఒరిగి వంపు తిరిగి ఉంటుంది. ఆ ఏటవాలు ముక్క మీద పొడుగు వైపు కొలిస్తే లేని వెడల్పు వస్తుంది. గొట్టం ఏ దిశలో పోతుందో కంప్యూటర్‌లో చూసుకుని, దానికి సరిగ్గా లంబంగా బొమ్మని తిప్పి కొలవాలి. ఊపిరితిత్తుల కోసం తీసిన సీటీలో ఆ అవసరం లేదు కాబట్టి వాళ్లు చేయలేదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఇంకో సంగతి, గుండె కొట్టుకుంటుంటే అయోర్టా మొదలు కూడా అదురుతుంది. మామూలు సీటీలో అది కదిలిన ఫొటోలా మసకగా, రెండు గీతలుగా కనిపిస్తుంది. ఈసీజీతో జత చేసి, గుండె లయకి అనుగుణంగా తీసే సీటీ వేరే ఉంది. దీనికి అదే కావాలి.

అది తీయించాం. లంబంగా తిప్పి కొలిస్తే 42 వచ్చింది. మొదటి ఎకోలో 41. ఈ రెండింటి మధ్య తేడా ఒక్క మిల్లీమీటరు. గోడ మందం కలుపుకుని కొలిచారా, వదిలేసి కొలిచారా అన్నదానికే 2 మిల్లీమీటర్లు మారుతుంది. కాబట్టి 41కీ 42కీ తేడా ఉందని నేను చెప్పలేను. పెరగలేదనే రాశాను.

నిజంగా పెరిగే వేగం చాలామందిలో ఏడాదికి అర మిల్లీమీటరు లోపే. యంత్రం పొరపాటు 2 మిల్లీమీటర్లు, పెరుగుదల అర మిల్లీమీటరు! ఏడాది తేడాతో తీసిన రెండు రిపోర్టులు పక్కన పెట్టుకుని కంగారు పడటంలోనూ, సంబరపడటంలోనూ అర్థం లేదు. వీలైతే అదే చోట, అదే పద్ధతిలో, అదే ఎత్తులో కొలిచి, పాత బొమ్మనీ కొత్త బొమ్మనీ పక్కపక్కన పెట్టి ఒకే మనిషి చూడాలి. ఎకోలో ఇంకో పరిమితి ఉంది. మామూలు చోట ప్రోబ్ పెడితే అయోర్టా మొదటి కొన్ని సెంటీమీటర్లే కనిపిస్తాయి. ఉబ్బు ఎక్కువగా ఉండేది ఒక్కోసారి దానికి పైన. ప్రోబ్‌ని ఒక పక్కటెముక పైకి జరిపి చూడాలి. రిపోర్టులో "అసెండింగ్" కొలతే లేకపోతే, అడిగి రాయించుకోండి. అప్పటికీ సరిగా కనిపించకపోతే ఒకసారి సీటీ గానీ, రేడియేషన్ లేని ఎమ్మారై గానీ తీయించి, ఎకో కొలతతో సరిపోతోందో లేదో చూసుకోవాలి. సరిపోతే ఆ తర్వాత ఎకోతోనే నడిపించవచ్చు. కుర్రవయసులో ఏటా సీటీ అక్కర్లేదు.

మరి ఎంత వస్తే ఆపరేషన్? 55 దాటితే చేయాలన్న దాంట్లో ఎవరికీ తేడా లేదు. ఇంట్లో ఎవరికైనా డిసెక్షన్ అయినా, వేగంగా పెరుగుతున్నా, అయోర్టా కిందికి దిగేచోట పుట్టుకతో ఇరుకు ఉన్నా, మొదలు దగ్గరే ఉబ్బినా 50కే ఆలోచిస్తాం. వేరే కారణంతో, అంటే వాల్వ్ కోసం ఛాతీ ఎలాగూ తెరుస్తుంటే, 45 ఉన్నా అదే చేతితో గొట్టం కూడా మార్చడం మంచిదంటాం. ఈ అంకెలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆపరేషన్‌లో ఉండే ప్రమాదం ఒక పళ్లెంలో, గోడ చిరిగే ప్రమాదం ఇంకో పళ్లెంలో పెట్టి తూచితే తక్కెడ ఒరిగే చోటు అది.

ఇందులో నాకు నచ్చని సంగతి ఒకటుంది. ఈ అంకెలు చాలావరకు మనకంటే పొడుగ్గా ఉండే దేశాల జనం మీద వచ్చినవి. ఆరడుగుల మనిషికీ, నాలుగడుగుల పదకొండంగుళాల అమ్మాయికీ ఒకే 50 ఎలా వర్తిస్తుంది? దీనికి ఒక లెక్క ఉంది. గొట్టం అడ్డకోత వైశాల్యం చదరపు సెంటీమీటర్లలో కట్టి, మీటర్లలో ఎత్తుతో భాగించాలి. 10 దాటితే జాగ్రత్తపడాలి. మన అబ్బాయి ఎత్తు 175 సెంటీమీటర్లు, గొట్టం 4.2 సెంటీమీటర్లు. సగం 2.1, దాని వర్గం 4.41, పై విలువ 3.1416తో హెచ్చిస్తే 13.9. దాన్ని 1.75తో భాగిస్తే 7.9. ఇంకా దూరం ఉంది. అదే 150 సెంటీమీటర్ల ఎత్తున్న అమ్మాయికి 4.5 ఉందనుకోండి. వైశాల్యం 15.9, భాగిస్తే 10.6. 45 అనగానే "ఇంకా 50 రాలేదుగా" అని పంపేస్తే పొరపాటు చేసినట్టే. ఈ లెక్క ఒక్కటే పట్టుకుని కత్తి పట్టరు, అనుభవం ఉన్న సర్జన్ మిగతావీ చూస్తారు. కానీ పొట్టివాళ్ల విషయంలో ఈ లెక్క వేయమని అడగడం మీ హక్కు.

ఇక మన ఫైలులో రెండో మలుపు. రెండు రేకుల వాల్వ్ ఒకరికి ఉంటే, తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు వీళ్లలో పదిమందికి ఒకరికి దాకా ఉండే అవకాశం ఉంది. అందుకని వాళ్లందరికీ ఒక్కసారి ఎకో తీయించమంటాం. అమ్మా చెల్లీ మామూలు. తండ్రికి 57 ఏళ్లు. ఆయన "నాకెందుకండీ, నా జబ్బు నాకు తెలుసు" అన్నారు. పన్నెండేళ్ల క్రితం వాల్వ్ ఇరుకుగా ఉందని ఎవరో చెప్పి, చిన్నప్పటి కీళ్లవాతం జ్వరం వల్ల వచ్చిందన్నారట. అప్పటి నుంచి మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ చేయించుకుంటున్నారు. పాపం, ఒక్కటీ తప్పలేదు.

మన దగ్గర కీళ్లవాతం వాల్వ్ జబ్బు ఎక్కువ కాబట్టి ఏ వాల్వ్ పాడైనా ముందు అదే తడుతుంది. కానీ ఆ జబ్బు అయోర్టిక్ వాల్వ్ ఒక్కదాన్నే పట్టుకోవడం చాలా అరుదు. దాదాపు ఎప్పుడూ పక్కనున్న మైట్రల్ వాల్వ్‌ని కూడా పాడు చేస్తుంది. ఈయన మైట్రల్ వాల్వ్ చక్కగా ఉంది. అయోర్టిక్ వాల్వ్ ఒక్కటే సున్నం పట్టి, బాగా ఇరుకైపోయింది. సున్నం మధ్యలో చూస్తే రెండే రేకులు. అయోర్టా 47. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని, వయసు అనుకున్నానని అప్పుడు చెప్పారు. వాల్వ్ ఎలాగూ మార్చాలి, గొట్టం 45 దాటింది, అందుకని రెండూ ఒకే ఆపరేషన్‌లో మార్చారు. కొడుకు మోకాలు మెలికపడకపోతే ఈయన ఎప్పటికి వచ్చేవారో!

కొడుక్కి ఏం చెప్పానో క్లుప్తంగా చెప్తాను. బీపీ 138/90 ఉంది, ఆ వయసుకి ఎక్కువ. ముందు చేతి బీపీ, కాలి బీపీ పోల్చి చూశాను. కాళ్లలో బాగా తక్కువగా ఉంటే, ఇందాక అన్న పుట్టుకతో వచ్చే ఇరుకు ఉన్నట్టు. అది ఈ వాల్వ్‌కి తోడుగా రావడం మామూలే. ఇతనికి లేదు. బీపీకి మందు మొదలుపెట్టాను. ఆ మందు వేసుకుంటే అయోర్టా పెరగడం ఆగిపోతుందని మాత్రం చెప్పలేదు. ఈ వాల్వ్ ఉన్నవాళ్లలో అలా ఆపుతుందని రుజువైన మందు ఏదీ లేదు. గోడ మీద ఒత్తిడి తగ్గించడం మన చేతిలో ఉంది కాబట్టి అది చేస్తాం.

ఇంకోటి మందుల షాపు సంగతి. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఈ జాతి యాంటీబయాటిక్స్ అయోర్టా గోడని దెబ్బతీయవచ్చని, అయోర్టా ఉబ్బినవాళ్లకి వేరే మార్గం ఉంటే ఇవి ఇవ్వవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2018 డిసెంబరులో హెచ్చరించింది. మనకేమో విరేచనాలైతే చీటీ లేకుండా ఇవే చేతిలో పెడతారు. అందుకని ఫోనులో రాసి పెట్టుకోమన్నాను. అదే చోట ఇంకో వాక్యం కూడా: "నాకు బైకస్పిడ్ వాల్వ్ ఉంది, అయోర్టా వెడల్పయింది." ఎప్పుడైనా ఛాతీలోగానీ, వీపులోగానీ చీల్చినట్టు ఒక్కసారిగా నొప్పి వస్తే, క్యాజువాలిటీలో మొదట చెప్పాల్సిన మాట అది. ఛాతీనొప్పి అనగానే గుండెపోటు అనుకుని గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే ప్రమాదం ఉంది. అయోర్టా చిరిగినవాళ్లకి అది ప్రాణాంతకం. ఆ వాక్యం వింటే డాక్టరు ముందు సీటీకి పంపుతారు.

నేను చెప్పదలుచుకున్నది ఇంతే. ఇప్పుడు మీరు అడగండి.

(వెనక వరుసలోంచి ఒక యువకుడు: మేడమ్, జిమ్ పూర్తిగా మానేయాలా?)

మానక్కర్లేదు బాబూ. అయోర్టా 40 లోపు ఉండి వాల్వ్ బాగుంటే ఏ ఆటకీ అడ్డులేదు. 40 దాటితే నేను ఆపమనేది ఒక్కటే: ఊపిరి బిగబట్టి, మొహం ఎర్రబడేలా ఎత్తే పెద్ద బరువులు. ఆ కొన్ని సెకన్లలో బీపీ 300 దాటిన కొలతలు ఉన్నాయి. తేలిక బరువు, ఊపిరి వదులుతూ, మాట్లాడుతూ ఎత్తగలిగినంత, పర్వాలేదు. నడక, పరుగు, ఈత, సైకిలు సరే. మీకు కండల వీరుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ తెలుసు కదా. ఆయనకీ పుట్టుకతో ఇదే వాల్వ్. 1997లో ఆపరేషన్ అయింది. ఆయన ఎత్తిన బరువులు నువ్వు ఎత్తమని మాత్రం నేను చెప్పడం లేదు.

(ఒక పెద్దాయన: డాక్టరమ్మా, పళ్లు పీకించుకునే ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలంటారు, నిజమేనా?)

వాల్వ్ మార్పించుకున్నవాళ్లకీ, ఇంతకుముందు వాల్వ్‌కి ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్లకీ నిజమేనండి. సొంత వాల్వ్ రెండు రేకులదైనంత మాత్రాన ఇప్పుడు ఇవ్వడం లేదు. ఈ వాల్వ్‌కి ఇన్‌ఫెక్షన్ పట్టే అవకాశం కొంచెం ఎక్కువ, అది నిజం. అందుకని పళ్లు, చిగుళ్లు శుభ్రంగా ఉంచుకోవాలి. కారణం తెలియని జ్వరం వారం దాటితే యాంటీబయాటిక్ మింగేయకుండా ముందు రక్తం కల్చర్ చేయించుకోవాలి.

(ఒక తల్లి, నెమ్మదిగా: మా అమ్మాయికి ఉందండీ. సంబంధాలు చూస్తున్నాం. చెప్పాలా?)

చెప్పాలా వద్దా అన్నది మీ అమ్మాయిని అడగండమ్మా, తన ఒంటి సంగతి కదా. నేను డాక్టరుగా చెప్పగలిగేది చెప్తాను. పెళ్లికి ఇది అడ్డు కాదు. బిడ్డని కనాలనుకునే ముందు మాత్రం వాల్వ్, అయోర్టా రెండూ కొలిపించాలి. కడుపుతో ఉన్నప్పుడు రక్తం ఎక్కువవుతుంది, గోడ మెత్తబడుతుంది, కాబట్టి చివరి నెలల్లో, కాన్పు చుట్టూ ఆ రోజుల్లో ఒత్తిడి ఎక్కువ. 45 లోపు ఉన్నవాళ్లు గుండె డాక్టరు కనిపెట్టి చూస్తుంటే మామూలుగానే కంటారు. 45 దాటితే ముందే కూర్చుని మాట్లాడుకోవాలి. 50 దాటితే ముందు గొట్టం సంగతి చూసుకుని తర్వాతే కడుపు. అమ్మాయికి ఎంత ఉందమ్మా?

(తల్లి: 36 అన్నారండి. పోయినేడు.)

అయితే హాయిగా పెళ్లి చేయండి. మూడేళ్లకోసారి, ఐదేళ్లకోసారి ఎకో, పిల్లలనుకున్నప్పుడు ఇంకోటి.

(నిర్వాహకుడు: మేడమ్, ఆ అబ్బాయి ఇప్పుడెలా ఉన్నాడు?)

ఆరేళ్లయింది. పోయిన నెల వచ్చాడు. 43. పెళ్లయింది, ఒక పాప. పాపకి కూడా ఎకో తీయించాడు, మూడు రేకులే. తండ్రి పొద్దున్నే పార్కులో నడుస్తున్నారట, పెన్సిలిన్ సూది లేకుండా. మొన్న మొదటి ఎకోతో పోల్చి చూద్దామని ఆ పాత సీడీ పెడితే తెరుచుకోలేదు, గీతలు పడిపోయింది. సీటీ సీడీ తెరుచుకుంది కాబట్టి దానితో పోల్చుకున్నాం. మీ ఇళ్లలో ఎవరి దగ్గరైనా ఇలాంటి సీడీలు ఉంటే, ఇవాళ ఇంటికి వెళ్లగానే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టుకోండి.